కుక్కకి ఎన్ని కాళ్లు?

పొట్టి కాళ్లు, పొడుగాటి ఒళ్లు, వేలాడే చెవులు ఉన్న నల్ల కుక్కపిల్ల ఒకటి యజమానురాలి వెంట వీధిలో షికారుకు బయల్దేరింది. ఆవిడ ముఖం మనకు కనబడదు. నల్ల గౌను అంచు, దాని కింద బూట్లు కనబడతాయి, అంతే. పైభాగమంతా చట్రం బయటే ఉండిపోయింది. గీసినవాడు నేలమీద బోర్లా పడుకుని చూశాడేమో అనిపించేంత కిందనుంచి ఉంటుంది చూపు.

కాళ్లు లెక్కపెట్టబోతేనే చిక్కు వస్తుంది. కుక్క పొట్ట కింద పాదాలు విప్పిన విసనకర్రలా పరుచుకుని ఉంటాయి. ఎనిమిదో, పదో, ఇంకా ఎక్కువో, తేల్చి చెప్పలేం. ఒక్క తోక అరడజను తోకలై ఊగుతుంటుంది. చెవులు కూడా అంతే. చేతిలోని గొలుసు ఒకేసారి నాలుగు చోట్ల వంపు తిరిగి ఉంటుంది. ఆవిడ బూట్లు గౌను అంచు కింద మసకమసకగా ముందుకీ వెనక్కీ పాకుతుంటాయి. కుక్క నడుం మాత్రం ఉన్నచోటే దిట్టంగా ఉంది.

ఇటలీ చిత్రకారుడు జాకొమో బాల్లా 1912లో గీసిన బొమ్మ ఇది. తన శిష్యురాలైన ఒక కౌంటెస్ ఇంటికి, టస్కనీలోని మోంతెపుల్చానో ఊరికి వెళ్లినప్పుడు ఆవిడనూ ఆవిడ కుక్కనూ చూసి గీశాడు. ‘పట్టీ కట్టిన కుక్క చలనశక్తి’ అని పేరు పెట్టాడు. సుమారు తొంభై సెంటీమీటర్ల ఎత్తు, నూటపది సెంటీమీటర్ల వెడల్పు. ఇప్పుడు అమెరికాలోని బఫలో నగరపు మ్యూజియంలో ఉంది. చూసినవాళ్లకు ముందు నవ్వొస్తుంది. నవ్వినా తప్పేం లేదు.

నవ్వు ఆగాక ఒక ప్రశ్న మిగులుతుంది. బాల్లా ఉన్న బృందం పేరు ఫ్యూచరిస్టులు. రేపటి కాలమే మాది, కార్లు, రైళ్లు, విమానాలు, ఫ్యాక్టరీలు, కరెంటు దీపాలు, వీటికి మించిన అందం లేదు అని ఊరూరా తిరిగి అరిచినవాళ్లు. అలాంటివాళ్లు వేగాన్ని బొమ్మ కట్టబోయి, లోకంలో ఇన్ని వాహనాలుండగా, గునగున నడిచే ఈ పొట్టి కుక్కను ఎందుకు పట్టుకున్నట్టు?

ఈ బృందానికి పెద్ద కవి ఫిలిప్పో తొమ్మాజో మరినెత్తి. ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో పుట్టి మిలాన్‌లో స్థిరపడ్డాడు. తండ్రి సంపాదించిపెట్టిన డబ్బు దండిగా ఉంది, కారు కూడా ఉంది. 1908 అక్టోబరులో మిలాన్ శివార్లలో ఎదురొచ్చిన సైకిళ్లను తప్పించబోయి కారును తీసుకెళ్లి గుంటలో పడేశాడు. మరొకడైతే ఆ సంగతి నలుగురికీ తెలియకుండా జాగ్రత్తపడేవాడు. మరినెత్తి దాన్నే ఒక మతం పుట్టిన కథగా మార్చాడు. ఫ్యాక్టరీ మురికినీళ్ల గుంటలో మునిగి లేచి కొత్త మనిషినయ్యానని రాసుకున్నాడు. ఆ కథను ముందుమాటగా పెట్టి, 11 సూత్రాలతో ఒక ప్రణాళిక తయారుచేశాడు. 1909 ఫిబ్రవరి 20న పారిస్ పత్రిక ‘ల ఫిగారో’ దాన్ని మొదటి పేజీలో వేసింది.

అందులో అందరూ చెప్పుకునే మాట ఒకటుంది. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ‘సమోత్రేస్ విజయదేవత’ అని ఒక ప్రాచీన గ్రీకు శిల్పం ఉంది. తల లేదు, చేతులు లేవు, రెక్కలున్నాయి. ఓడ మొనమీద నిలబడి గాలికి ఎదురీదుతున్నట్టు ఉంటుంది. దానికన్నా గర్జిస్తూ దూసుకుపోయే రేసు కారే అందమైనదని మరినెత్తి ప్రకటించాడు. మ్యూజియాలను, గ్రంథాలయాలను కూల్చెయ్యమన్నాడు. యుద్ధం లోకానికి పట్టిన మురికిని కడిగేస్తుందన్నాడు. స్త్రీల పట్ల తిరస్కారాన్ని కూడా సూత్రంగానే రాశాడు. ఇవి కుర్రతనపు కేకలని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను ఆ మాట ఒప్పుకోను. ఇదే మనిషి తర్వాత ముస్సోలినీ పంచన చేరాడు, ఆ ప్రభుత్వం స్థాపించిన అకాడమీలో సభ్యుడయ్యాడు. విత్తనం మొదటి రోజునే పడింది.

అయితే ఆ ఆవేశం గాలిలోంచి ఊడిపడలేదు. ఇటలీ అంటే అప్పటి యూరప్‌కి శిథిలాల దేశం. వచ్చేవాళ్లంతా పాత రాళ్లు చూసి, పాత బొమ్మలు చూసి వెళ్లిపోయేవాళ్లే. కాని ఉత్తరాన మిలాన్, ట్యూరిన్ నగరాల్లో మాత్రం లోకం మారిపోతోంది. ట్రాములు తిరుగుతున్నాయి, పొగగొట్టాలు లేస్తున్నాయి, 1899లో ట్యూరిన్‌లో ఫియట్ కార్ల కంపెనీ మొదలైంది. కిటికీలోంచి ఇదంతా కనబడుతుంటే, కళాశాలలో మాత్రం పాత శిల్పాల నకళ్లు గీయమంటారు. కుర్ర చిత్రకారులకు ఒళ్లు మండిందంటే మండదా మరి!

1910లో ఐదుగురు చిత్రకారులు మరినెత్తితో చేరారు. ఉంబెర్తో బొచ్చోని, కార్లో కర్రా, లుయీజీ రుస్సోలో, జీనో సెవెరిని, వాళ్లందరికంటే వయసులో పెద్దవాడైన బాల్లా. బొచ్చోనికీ సెవెరినికీ రోమ్‌లో రంగులు వెయ్యడం నేర్పినవాడు బాల్లాయే. ఆ ఏడు ఏప్రిల్‌లో వీళ్లు చిత్రకళ గురించి విడిగా ఒక సాంకేతిక ప్రణాళిక వెలువరించారు. కదిలే వస్తువు మన కంటిపాపలో తన ముద్రను వదులుతూ పోతుంది, ఒక ముద్ర చెరిగేలోగా ఇంకొకటి పడుతుంది, అందువల్ల వస్తువు ఒకటైనా పలు రూపాలుగా కనబడుతుంది అన్నది వాళ్ల వాదన. పరిగెత్తే గుర్రానికి నాలుగు కాళ్లు కాదు, ఇరవై ఉంటాయన్న ప్రసిద్ధమైన మాట ఇక్కడిదే.

కవి అయితే ఈ మాట చెప్పి చేతులు దులుపుకుంటాడు. చిత్రకారుడు ఆ ఇరవై కాళ్లనూ ఎక్కడ పెట్టాలో తేల్చుకోవాలి.

బాల్లాకు దారి చూపించింది ఒక ఫ్రెంచి శరీరశాస్త్రవేత్త. పేరు ఎతియెన్-జూల్ మరే. ఆయనకు కళతో పని లేదు. పక్షి ఎలా ఎగురుతుంది, మనిషి నడిచేటప్పుడు మోకాలు ఎక్కడ వంగుతుంది అన్నవే ఆయన ప్రశ్నలు. అమెరికాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ 1878లో పన్నెండు కెమెరాలు వరసగా పెట్టి, పరిగెత్తే గుర్రాన్ని పన్నెండు విడి ఫొటోలుగా తీశాడు. మరే ఇంకో పద్ధతి పట్టాడు. కెమెరా ఒకటే, లోపలి గాజుపలక కూడా ఒకటే. దాని ముందు సన్నని చీలికలున్న చక్రం గిర్రున తిరుగుతుంటుంది. చీలిక ఎదురొచ్చినప్పుడల్లా ఒక్క క్షణం వెలుగు లోపలికి వెళుతుంది. వెనక నల్ల తెర ఉంటుంది కాబట్టి ఖాళీ జాగా మీద ఏ ముద్రా పడదు. ముందునుంచి నడిచివెళ్లే మనిషి మాత్రం అదే పలక మీద పదిచోట్ల పడతాడు.

దీనిలో ఒక ఇబ్బంది ఉంది. మనిషి జోరుగా పరిగెడితే బొమ్మలు దూరదూరంగా, స్పష్టంగా పడతాయి. నెమ్మదిగా నడిస్తే ఒకదానిమీద ఒకటి ఎక్కి తెల్లటి ముద్దయిపోతుంది. మరే దీనికో ఉపాయం చేశాడు. మనిషికి తలనుంచి కాలిదాకా నల్ల దుస్తులు తొడిగి, చేతి పొడవునా కాలి పొడవునా సన్నటి తెల్ల పట్టీలు అంటించాడు, కీళ్ల దగ్గర మెరిసే చుక్కలు పెట్టాడు. ఇప్పుడు ఫొటోలో మనిషి లేడు. గీతలే ఉన్నాయి. గాలికి ఒరిగిన వరిచేనులా పక్కపక్కన వాలిన గీతలు. నడక అనేది కంటికి కనబడే ఆకారమయింది.

ఆ ఫొటోల పక్కన బాల్లా కుక్కను పెట్టి చూస్తే చుట్టరికం ఇట్టే తెలిసిపోతుంది. కాని బాల్లా ఫొటోకి నకలు తియ్యలేదు. ఇక్కడ కాస్త ఆగి చూడాలి.

మరే ఫొటోలో కెమెరా కదలదు, మనిషి కదులుతాడు. కాబట్టి తల, ఒళ్లు, కాళ్లు అన్నీ పదేసి సార్లు పడతాయి. బాల్లా బొమ్మలో కుక్క ఒళ్లు ఒక్కటే, కాళ్లూ తోకా చెవులే అనేకం. ఎందుకని? ఎప్పుడైనా మీ పక్కన నడిచే కుక్కను చూస్తూ నడవండి. చూపు దానితోబాటే సాగుతుంది. అప్పుడు దాని ఒళ్లు మన కంటికి నిలకడగా ఉంటుంది. ఒంటితో పోల్చితే అటూ ఇటూ ఆడేవి కాళ్లు, తోక, చెవులు. అవే చెదిరి కనబడతాయి. జారిపోయేది నేల. బొమ్మలో నేల చూడండి, లేత రంగుల్లో సన్నగా ఏటవాలు చారలు. రైలు కిటికీలోంచి దగ్గరి కంకరరాళ్లు చారలుగా కనబడతాయే, అలా. అంటే బాల్లా కెమెరాను కుక్కతోపాటు నడిపించాడు. సినిమావాళ్లు తర్వాత పట్టాల మీద కెమెరా తోస్తూ చేసిన పనిని కుంచెతో చేశాడు.

ఇంకో సంగతి, పాదాల మధ్య ఎడం. చలనాన్ని ఇలా మళ్లీమళ్లీ గీసి చూపించడంలో గెలుపూ ఓటమీ అక్కడే ఉన్నాయి. ఎడం మరీ ఎక్కువైతే ఒక కుక్క నడుస్తున్నట్టుండదు, పది కుక్కలు వరసలో నిలబడ్డట్టుంటుంది. మరీ తక్కువైతే మసి పూసినట్టు మరక. బాల్లా ఆ పాదాలను చాలా దగ్గరగా పెట్టి, ఒక్కొక్కదాన్నీ పలచగా, వెనక ఉన్నది కనబడేలా వేశాడు. మన కన్ను వాటిని విడివిడిగా లెక్కపెట్టలేదు, అలాగని ముద్దగానూ చూడలేదు. ఆ రెండింటి నడుమ ఊగిసలాడుతుంది. కదులుతున్నట్టు మనకు తోచేది ఆ ఊగిసలాటే.

అయినా ఈ పద్ధతికో హద్దుంది. ఆ పాదాల్లో ఏది ముందుదో ఏది వెనకదో చెప్పగలరా? చెప్పలేరు. కుక్క మూతి ఇటువైపు ఉంది కాబట్టి ఇటు వెళుతోందని అనుకుంటాం. మూతిని చేత్తో మూసి చూస్తే పాదాలు ఉన్నచోటే గింజుకుంటున్నాయంతే. కాలం ఎటు పారుతోందో ఆ పాదాలకు తెలియదు.

అదే ఏడు బాల్లా మరో అడుగు వేశాడు. రోమ్‌లో తన ఇంటి బాల్కనీలో పరిగెత్తే కూతురు లూచెను గీశాడు. ఆ పేరుకు వెలుగు అని అర్థం. 1914లో పుట్టిన రెండో కూతురికి ఎలీకా అని పేరు పెట్టాడు. విమానానికి ముందుండే పంకాను అంటారు ఆ మాటతో. యంత్రాల పిచ్చి ఏ స్థాయిదో దీన్నిబట్టి ఊహించుకోండి! లూచె బొమ్మ నలుపలకల కాన్వాసు, ఒక్కో పక్క 125 సెంటీమీటర్లు, మిలాన్‌లో ఉంది. దీనిలో కుక్క బొమ్మలోని పలుచదనం లేదు. అంతా రంగు బిళ్లలు, గచ్చు మీద పొదిగిన రాళ్ల ముక్కల్లా. నీలం గౌను ముక్కలు, ఒంటిరంగు ముక్కలు, బూట్ల ముక్కలు, వెనక నిలువుగా బాల్కనీ కమ్మీలు. పిల్ల ముఖం అరడజను చోట్ల తొంగి చూస్తుంది. దగ్గరికి వెళితే పిల్లా లేదు, బాల్కనీ లేదు, ఎత్తుపల్లాల్లో పడిన రంగు చుక్కలే. నాలుగడుగులు వెనక్కి జరిగితే బూట్ల చప్పుడు వినబడుతుంది. కమ్మీలు ఊరికే పెట్టలేదు. అవి కదలవు కాబట్టి పిల్ల కదులుతుంది. అన్నీ కదిలిపోయే బొమ్మలో ఏదీ కదలదు.

ఇంటి గొడవ ఇక్కడే రేగింది. బాల్లా దగ్గర నేర్చుకున్న బొచ్చోనికి ఈ పద్ధతి నచ్చలేదు. ఇదంతా ఫొటోగ్రఫీ వ్యవహారం అన్నాడు. ఆయన ఆలోచన వెనక ఆ రోజుల్లో యూరప్‌లో అందరూ చదువుతున్న ఫ్రెంచి తాత్వికుడు హెన్రీ బెర్గ్‌సన్ ఉన్నాడు. కాలం ఎడతెగని ప్రవాహం, దాన్ని ముక్కలు కోసి మళ్లీ అతికిస్తే ప్రవాహం రాదు, సినిమా రీలులో ఉన్నవి ఆగిపోయిన బొమ్మలే, కదలిక వాటిలో లేదు, తిప్పే యంత్రంలో ఉంది అంటాడు బెర్గ్‌సన్. ఈ లెక్కన బాల్లా కుక్కకు ఇరవై కాళ్లు పెట్టినా అవి ఇరవై ఆగిన కాళ్లే.

ఈ గొడవలో దెబ్బ తిన్నవాడు మరొకడు ఉన్నాడు. అంతోన్ జూలియో బ్రగాల్య అనే కుర్రవాడు రోమ్‌లో కెమెరాతో ఇదే సమస్యను పట్టుకున్నాడు. మరే పద్ధతిలో మధ్యమధ్య ముక్కలు ఎగిరిపోతున్నాయి కదా అని, ఈయన షట్టరును తెరిచే ఉంచి కదలిక మొత్తాన్ని ఒకే చారగా పట్టాడు. తల తిప్పే మనిషి ముఖం పొగలా సాగుతుంది. ఫోనుతో రాత్రిపూట ఫొటో తీస్తుంటే చెయ్యి వణికితే వచ్చే బొమ్మ మనకు తెలుసు. అదే, కాని కావాలని. బాల్లాను తన కుక్క బొమ్మ ముందు నిలబెట్టి కూడా ఇలాంటి ఫొటో తీశాడు. చిత్రకారులు ఊరుకోలేదు. ఫొటోలతో మాకు సంబంధం లేదని 1913 అక్టోబరులో ‘లాచెర్బా’ పత్రికలో ప్రకటన వేయించి ఆయన్ను దూరం పెట్టారు. యంత్రమే దేవుడన్నవాళ్లకు కెమెరా అనే యంత్రం మాత్రం అంటరానిదైంది. తమ పని అది చేసేస్తుందన్న భయం లేకపోతే అంత కోపం దేనికి?

మరి బొచ్చోని ఏం చేసి చూపించాడు? దానికి ‘మనఃస్థితులు’ అన్న మూడు చిత్రాలు చూడాలి. 1911లో గీశాడు. మొదట ఒకసారి గీసి, ఆ శరదృతువులో పారిస్ వెళ్లి అక్కడి క్యూబిస్టుల బొమ్మలు చూసొచ్చి, మూడూ మళ్లీ కొత్తగా గీశాడు. ఆ రెండోసారి గీసినవి న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియంలో ఉన్నాయి. విషయం రైల్వే స్టేషను. ఒక బొమ్మ వీడ్కోలు, ఒకటి వెళ్లేవాళ్లు, ఒకటి ఉండిపోయేవాళ్లు.

మొదటిదాని నడిమధ్యలో రైలింజను, దాని మీద 6943 అన్న అంకె. అది ఒక్కటే అచ్చులో వేసినట్టు స్పష్టంగా ఉంది. చుట్టూ ఆవిరి, పొగ, కౌగలించుకున్న జంటలు అలల్లా సుడి తిరుగుతుంటాయి. స్టేషనులో మనవాళ్లను ఎక్కించి ఏడుపు ఆపుకుంటూ నిలబడ్డప్పుడు, ఎదురుగా బోగీ మీద రాసిన అంకె ఒకటి అర్థం లేకుండా కళ్లలో పాతుకుపోతుందే, అది పట్టాడు. రెండోదానిలో గీతలన్నీ ఏటవాలుగా, గాలివానలో జల్లు పడ్డట్టు ఒకే పక్కకు కొడుతుంటాయి. వాటి నడుమ ముక్కలైన ముఖాలు, వెనక్కి పరిగెత్తే ఇళ్లు. మూడోదానిలో గీతలు నిలువుగా వేలాడుతుంటాయి, పచ్చటి మసక వెలుగు, దానిలో నడుం వంగిన మనుషులు బరువుగా ఇంటిదారి పడుతుంటారు.

ఇక్కడ ఏ కాలునూ రెండుసార్లు గీయలేదు. చేసిందల్లా గీత వాలును మార్చడమే. సుడిగీత కలవరం, ఏటవాలు గీత వేగం, నిలువుగీత బరువు. వీటికి బొచ్చోని బృందం ‘శక్తిరేఖలు’ అని పేరు పెట్టింది. 1912 ఫిబ్రవరిలో పారిస్‌లోని బెర్న్‌హైమ్-జూన్ గ్యాలరీలో వాళ్లు పెట్టిన ప్రదర్శన ముందుమాటలో దీన్ని వివరించారు. ప్రతి వస్తువులోనూ అది ఎటు సాగబోతుందో, ఎటు విరగబోతుందో చెప్పే గీతలు దాగి ఉంటాయి, చిత్రకారుడు గియ్యవలసింది వాటిని, చూసేవాణ్ని బొమ్మ బయట నిలబెట్టకుండా నడిమధ్యలోకి లాగాలి అని సారాంశం. బాల్లా కుక్కను మనం చూస్తాం. బొచ్చోని రైల్లో మనం ఎక్కుతాం.

పోగొట్టుకున్నదీ ఉంది. శక్తిరేఖలు ముదిరేకొద్దీ వస్తువు కరిగిపోతుంది. 1913లో బొచ్చోని గీసిన ‘సైకిలు తొక్కేవాడి చలనశక్తి’లో శంకువులు, పలకలు, మెరుపులు బోలెడు ఉన్నాయి. సైకిలూ మనిషీ ఎక్కడున్నారో కింద పేరు చదివాక వెతుక్కోవాలి. పేరు ఊతం లేకపోతే నిలబడని బొమ్మలు ఫ్యూచరిస్టుల దగ్గర చాలానే ఉన్నాయి.

అదే ఏడు బొచ్చోని ప్లాస్టరుతో ఒక శిల్పం చేశాడు, ‘స్థలంలో అవిచ్ఛిన్నతకు అనన్య రూపాలు’. పేరు భయపెడుతుంది కాని విషయం నడిచే మనిషి. మీటరుకు కొంచెం ఎత్తు. తొడలూ పిక్కలూ గాలికి వెనక్కి పోయే మంటల్లా సాగి ఉంటాయి. కాలు ముందుకు వేసినప్పుడు అది తోసుకొచ్చిన గాలిని కూడా కండలోనే కలిపి పోతపోశాడు. ఆయన బతికుండగా అది ప్లాస్టరుగానే ఉంది, కంచు పోతలు చనిపోయాకే వచ్చాయి. ఇటలీ ముద్రించిన 20 సెంట్ల యూరో నాణెం మీద ఉన్నది ఈ మనిషే. చేతులు లేవు, గాలికి ఎదురు నడుస్తున్నాడు, వెనక ఏవో రెక్కల్లా సాగుతున్నాయి. ఎక్కడో చూసినట్టుంది కదూ? రేసు కారు ముందు ఎందుకూ పనికిరాదని మరినెత్తి తీసిపారేసిన సమోత్రేస్ విజయదేవతే! లూవ్ర్‌ను కూల్చమన్నవాళ్ల చేతుల్లోంచి లూవ్ర్ మెట్ల మీది బొమ్మ మళ్లీ పుట్టుకొచ్చింది.

1915లో ఇటలీ యుద్ధంలోకి దిగింది. యుద్ధాన్ని పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకున్నవాళ్లు వెంటనే పేర్లు ఇచ్చుకున్నారు. మరినెత్తి, బొచ్చోని, రుస్సోలో చేరిన దళం లొంబార్డీ వాలంటీర్ల సైకిలు దళం. కారును గుంటలో పడేసిన సైకిలే చివరకు దొరికింది. తర్వాత ఫిరంగి దళంలోకి వెళ్లిన బొచ్చోని 1916 ఆగస్టులో వెరోనా దగ్గర కవాతులో గుర్రం మీదినుంచి పడి, మర్నాడు 17న చనిపోయాడు. వయసు 33. ఆయన గీసిన పెద్ద చిత్రం ‘లేస్తున్న నగరం’, రెండు మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పు. కొత్త నగరం కట్టడాన్ని కీర్తిస్తూ గీసిన ఆ బొమ్మ నడుమ ఉన్నది కూడా యంత్రం కాదు, కూలీలను ఈడ్చుకుపోతున్న ఒక మహా ఎర్ర గుర్రం.

ఇంతకీ కారేది? కుక్క, పిల్ల, గుర్రం, నడిచే మనిషి, వయొలిన్ వాయించే చెయ్యి, ఇవన్నీ వచ్చాయి. ఎవరి అందాన్ని చాటడానికి ఈ ఉద్యమం పుట్టిందో ఆ కారు ఏమైంది?

గియ్యలేదని కాదు, గియ్యబోతే లొంగలేదు. కుక్కకు కీళ్లున్నాయి. అడుగు అడుగుకీ దాని ఆకారం మారుతుంది, అందుకే ఆ ఆకారాలను పక్కపక్కన పెడితే నడక తయారవుతుంది. కారుకు కీళ్లు లేవు. ఈ చివర ఎలా ఉందో ఆ చివరా అలాగే ఉంటుంది. దాన్ని పదిసార్లు పక్కపక్కన గీస్తే వేగం రాదు, ట్రాఫిక్ జామ్ వస్తుంది. చక్రాలు తిరుగుతాయి నిజమే, కాని జోరుగా తిరిగే చక్రం ఫ్యాన్ రెక్కల్లాగే ఒక గుండ్రటి మసక. దానిలో మెట్లు లేవు. యంత్రపు వేగం నున్నగా ఉంటుంది, పట్టుకోవడానికి అంచు ఇవ్వదు.

రుస్సోలో 1912, 13లో ఒక దారి చూశాడు. నల్లటి కారు ఆకారం గీసి, దాని మీదుగా బాణపు మొనల్లాంటి ఎర్రటి కోణాలు ఒకదాని వెనక ఒకటి వేశాడు. కారును వదిలి, అది చీల్చే గాలిని గీశాడన్నమాట. పిల్లల కామిక్ పుస్తకాల్లో పరిగెత్తేవాడి వెనక గీసే గీతలకు ఇది దూరపు బంధువులా కనబడుతుంది. పారిస్‌లోని పాంపిదూ సెంటరుకు చెందిన ఆ బొమ్మ చూస్తే ఈ దారి ఎంత సులువుగా పోస్టరు అయిపోతుందో కూడా తెలుస్తుంది.

బాల్లా ఇంకా ముందుకు పోయాడు. 1913లో కార్లు చాలానే గీశాడు. మొదటివాటిలో చక్రాల సుడులు, డ్రైవరు, కారు ముక్కు ఆనవాలు పట్టొచ్చు. తర్వాత కారు ఒక త్రికోణమైంది. ఆ తర్వాత అదీ పోయి వంపులు, కోణాలు మిగిలాయి. చివరకు మూడు బొమ్మల వరస ఒకటి చేశాడు. వెనిస్‌లోని పెగ్గీ గుగ్గెన్‌హైమ్ సేకరణలో ఉన్నది ‘అమూర్త వేగం + ధ్వని’. దానిలో దారీ ఆకాశమూ ఉన్నాయి, కారు పోయిన హోరు గుణకారపు గుర్తుల్లాంటి గీతలుగా చెల్లాచెదురైంది, రంగు కాన్వాసు దాటి చుట్టూ ఉన్న చెక్క చట్రం మీదికి కూడా పాకింది. కారు చట్రంలో ఆగలేదు మరి.

వరసలో ఇంకోటి లండన్‌లోని టేట్ మ్యూజియంలో ఉంది. చిన్నది, యాభై సెంటీమీటర్ల ఎత్తు, అరవై అయిదు వెడల్పు. పేరు ‘అమూర్త వేగం – కారు వెళ్లిపోయింది’. పచ్చటి నేల, నీలి ఆకాశం, తెల్లగా వంపు తిరిగిన దారి. ఏ కాళ్లూ లేవు, చక్రాలూ లేవు. గాలి ఇంకా సర్దుకోలేదన్నట్టు పెద్ద పెద్ద వంపులు ఒకదాన్నొకటి కోసుకుంటూ తేలుతున్నాయి. వాటి నడుమ అక్కడక్కడ లేత గులాబీ రంగు, కారు వదిలిపెట్టిన పొగ.